హాన్ చైనా ఉత్తర సరిహద్దు, జుయెన్ కాపలా బురుజు నుంచి అమ్మకు

యువాన్‌కాంగ్ 4వ ఏడు, 12వ నెల

అమ్మా,

నేను బాగున్నాను, ముందు ఆ మాట విను. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? అన్నయ్య పొలం పని ఒక్కడే చూసుకోగలుగుతున్నాడా?

మా బురుజులో అక్షరం తెలిసినవాడు ఒకడున్నాడు, నేను చెబుతుంటే అతను రాస్తున్నాడు. ఇక్కడ వెదురు మొలవదు, అందుకే చెక్కముక్కల మీద రాస్తాం. పాత లెక్కలు రాసిన చెక్కని కత్తితో గీకి మళ్లీ వాడతాం, కాబట్టి అక్కడక్కడ పాత సిరా కనిపిస్తే అది నా మాట కాదనుకో.

మన హ్వాయ్‌యాంగ్ నుంచి రెండు నెలలకు పైగా నడిచాం అని కిందటిసారి కబురు పంపాను కదా. జాంగ్యె దాటాక ఊళ్లు తగ్గిపోయాయి, ఆ తర్వాత నది వెంబడి ఉత్తరానికి పోతూ ఉంటే రెల్లు, ఇసుక, గులకరాళ్లు, అంతే. మా బురుజులో నలుగురం, పైన ఒక నాయకుడు, ఒక కుక్క. రోజుకొకరు వంట చేస్తాం. నెలకు మనిషికి 3 షిల పైచిలుకు కొర్రలు, 3 షెంగ్‌ల ఉప్పు ఇస్తారు. కడుపు నిండుతుంది, కానీ నువ్వు వండిన అన్నంలా ఉండదు.

పని ఏమిటని అడుగుతావు. గోడ వెంబడి ఇసుకని వాకిలి చిమ్మినట్టు చదును చేసి ఉంచుతాం, పొద్దున్నే దాని పక్కన నడుస్తూ రాత్రి ఎవరైనా దాటారా, మనిషి అడుగా, గుర్రం డెక్కా అని చూసి, ఏమీ లేకపోతే ఏమీ లేదని రాయించాలి. ఇటుకల వంతు వస్తే రోజుకు 80 చేయాలి. మిగతా వేళ రెల్లు కోసి మోపులు కట్టాలి, ఎందుకంటే ఉత్తరం నుంచి గుర్రాల మీద దాడికి వచ్చే షియోంగ్నులు కనబడితే పగలు పొగ, రాత్రి మంట పెట్టి పక్క బురుజుకి చెప్పాలి. ఎంతమంది వస్తున్నారో దాన్నిబట్టి ఎన్ని మంటలో లెక్క ఉంది, అది తప్పు చెబితే వెనకున్న వాళ్లందరికీ ప్రాణం మీదికి వస్తుంది. నేను వచ్చాక ఒక్కసారే పొగ పెట్టాం. వాళ్లు దూరం నుంచే వెళ్లిపోయారు, నువ్వు భయపడకు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, కోప్పడకు. నువ్వు మూటకట్టి, మూట మీద నా పేరు రాయించి పంపిన రెండు పొరల అంగీ అమ్మేశాను. నువ్వు రాత్రిళ్లు కళ్లు పొడుచుకుని కుట్టావని నాకు తెలుసు, ఆ కుట్లు వేలితో తడిమి చూసుకున్నాను కూడా. మన వీధి చివర ఉండే నా నేస్తం పక్క బురుజులో ఉండేవాడు. పదో నెలలో జ్వరం తగిలింది. వైద్యుడు ఇచ్చిన మందు ఆగలేదు, కొర్రల గంజి కూడా కక్కేసేవాడు, కాస్త మాంసం రసం దొరికితే లేస్తాడేమో అనిపించింది. చేతిలో చిల్లిగవ్వ లేదు. ఇక్కడి మనిషి ఒకతను అంగీని 1,000 నాణేలకు తీసుకుంటానన్నాడు, సాక్షుల ముందు చెక్క రాసుకున్నాం. 200 అప్పుడే ఇచ్చాడు, మిగతాది వసంతంలో ఇస్తాడట. దాంతో గొర్రె మాంసం కొన్నాను. మూడు రోజులు తాగాడు. నాలుగో రోజు పోయాడు.

ఈ ఉత్తరం తెచ్చే బళ్లలోనే వాడి శవపెట్టె కూడా వస్తోంది. పెట్టె మీద ఊరు, పేరు రాసి ముద్ర వేశారు, నేను దగ్గరుండి చూశాను. బండి ఊళ్లోకి రాకముందే నువ్వు వాళ్లమ్మ దగ్గరికి వెళ్లు, ఆవిడ ఒక్కతే ఉండగా ఆ పెట్టె కంటపడకూడదు. చివరి రాత్రి నేను పక్కనే ఉన్నానని చెప్పు, నాయకుడు నన్ను కాపలా నుంచి వదిలాడు. నీళ్లు అడిగాడు, ఇచ్చాను. చెల్లెలి పెళ్లి అయిందా అని అడిగాడు. నాకు తెలియదు, అయినా అయిందనే చెప్పాను. అది తప్పయితే ఆవిడ నన్ను క్షమించాలి.

ఇంకో అంగీ కుట్టకు. నాకు గొర్రె తోలు కోటు ఇచ్చారు, చలి ఆగుతోంది. నది గడ్డకట్టింది, కానీ బురుజు లోపల పొయ్యి ఉంది. నా కోసం ఎద్దుని అమ్ముతానని అన్నయ్య అంటే వద్దని చెప్పు, దుక్కి ఆగిపోతే ఏం తింటారు? మూడో నెలతో నా ఏడాది అయిపోతుంది, ఆ బాకీ వసూలు చేసుకుని బయల్దేరతాను.

ఉత్తరం తెచ్చినవాడు మా బురుజువాడే, గడువు తీరి వస్తున్నాడు. వేడినీళ్లు ఇచ్చి అన్నం పెట్టు. నేను చిక్కానా అని అతన్ని అడుగుతావు, తెలుసు. కొంచెం చిక్కాను.

నీ చిన్నకొడుకు