బ్రౌజర్‌లో సైట్ తెరిస్తే భద్రంగా ఏం జరుగుతుంది: ఒక ఇంటర్వ్యూ జవాబు

ప్రశ్న: అడ్రస్ టైప్ చేసి ఎంటర్ కొట్టిన దగ్గర్నుంచి, భద్రత కోణంలో ఏమేం జరుగుతాయో చెప్పండి.

జవాబు: మేడమ్, te.wikipedia.org తీసుకుని చెప్తాను. అక్కడ లాగిన్ లేకుండా చదవొచ్చు, లాగిన్ అయి రాయొచ్చు కాబట్టి మీరడిగినవన్నీ అందులో వస్తాయి.

ముందు బ్రౌజర్‌కి ఆ సైట్ సర్వర్ ఐపీ అడ్రస్ కావాలి. తన క్యాష్‌లో, ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌లో వెతుకుతుంది. దొరక్కపోతే, పేరుకి అడ్రస్ వెతికిపెట్టే రిజాల్వర్‌ని అడుగుతుంది. మనం మార్చుకోకపోతే అది సాధారణంగా మన ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లదే. రిజాల్వర్‌కీ తెలియకపోతే రూట్ సర్వర్‌ని అడుగుతుంది. రూట్ .org వాళ్ల దగ్గరకి పంపిస్తుంది, వాళ్లు వికీపీడియా నేమ్ సర్వర్ల దగ్గరకి పంపిస్తారు, అక్కడ అడ్రస్ దొరుకుతుంది.

ఈ వెతుకులాటనే డీఎన్ఎస్ అంటారు. మామూలు డీఎన్ఎస్ ప్రశ్న పోస్టుకార్డు లాంటిది. 53వ పోర్టులో తెరిచిన అక్షరాలతోనే వెళ్తుంది. దారిలో ఉన్నవాళ్లు చదవొచ్చు, దొంగ జవాబు కూడా ఇవ్వొచ్చు. రిజాల్వర్ క్యాష్‌లోకే తప్పుడు అడ్రస్ ఎక్కించడం ఎంత తేలికో 2008లో భద్రతా పరిశోధకుడు డాన్ కమిన్‌స్కీ చూపించారు. దీనికి రెండు మందులున్నాయి, చాలామంది వాటిని కలిపేస్తారు. డీఎన్ఎస్‌సెక్ జవాబు మీద సంతకం పెడుతుంది, కానీ దాన్ని దాచదు. డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ రిజాల్వర్ దాకా ప్రశ్నని దాస్తుంది, కానీ ఆ రిజాల్వర్ నిజం చెప్తుందని మాత్రం మనం నమ్మాల్సిందే.

నా దృష్టిలో అసలు సంగతి ఇక్కడుంది. డీఎన్ఎస్ ఇచ్చిన అడ్రస్‌ని బ్రౌజర్ గుడ్డిగా నమ్మదు. అక్కడికి వెళ్లి, నువ్వు నిజంగా ఆ సైటేనా అని రుజువు అడుగుతుంది. https లో ఆ పని చేసేది టీఎల్ఎస్. మనం http అని టైప్ చేసినా, https తోనే రావాలని ముందే చెప్పిన సైట్ల హెచ్ఎస్‌టీఎస్ జాబితాలో ఉన్న వికీపీడియా లాంటి సైట్‌కి బ్రౌజర్ నేరుగా https తోనే వెళ్తుంది.

2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3లో బ్రౌజర్ మొదటి సందేశంలోనే తన తాత్కాలిక పబ్లిక్ కీ పంపుతుంది. సర్వర్ తనది పంపుతుంది. ఇద్దరూ ఎవరి వైపు వాళ్లు లెక్కేసి ఒకే రహస్యానికి వస్తారు. ఆ రహస్యం మాత్రం వైరు మీద ఎప్పుడూ వెళ్లదు. రేపు సర్వర్ ప్రైవేట్ కీ దొంగల చేతిలో పడినా, ఈ రోజు రికార్డు చేసి పెట్టుకున్న సంభాషణ దాంతో తెరుచుకోదు.

తర్వాత సర్టిఫికెట్. పేరు సరిపోయిందా, గడువు ఉందా, సంతకాల గొలుసు మనం నమ్మే రూట్ సర్టిఫికెట్ దాకా వెళ్తోందా అని బ్రౌజర్ చూస్తుంది. ఇంటర్వ్యూల్లో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ సర్టిఫికెట్ బహిరంగ పత్రం, ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. ఆధార్ జిరాక్స్ ఎవరి చేతిలోనైనా ఉండొచ్చు, వేలిముద్ర వేయాల్సింది అసలు మనిషే కదా. అలాగే సర్వర్ అప్పటిదాకా నడిచిన ఈ సందేశాల మార్పిడి, అంటే హ్యాండ్‌షేక్ మీద తన ప్రైవేట్ కీతో సంతకం చేసి చూపించాలి. డీఎన్ఎస్ దారి తప్పించినా, దొంగ సర్వర్ దొరికిపోయేది ఇక్కడే. అయితే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లే దెబ్బతింటే ఇదీ పనిచేయదు. 2011లో డిజినోటార్ అనే సర్టిఫికెట్ సంస్థలోకి చొరబడినవాళ్లు గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్ పుట్టించారు. ఇప్పుడు సర్టిఫికెట్లని బహిరంగ లాగ్‌ల్లో నమోదు చేయడం వెనక ఆ అనుభవం ఉంది.

ఇంత చేసినా, ఏ సైట్‌కి వెళ్తున్నామో ఆ పేరు మొదటి సందేశంలో ఇంకా చాలా చోట్ల బయటికే కనిపిస్తుంది.

ఇక కుకీలు. హెచ్‌టీటీపీకి జ్ఞాపకం ఉండదు. లాగిన్ అయ్యాక సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది, తర్వాత ప్రతి రిక్వెస్ట్‌తో బ్రౌజర్ దాన్ని తిరిగి చూపిస్తుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మనం, పాస్‌వర్డ్‌తో పని లేదు. నేనైతే ఇలా పెడతాను:

```
Set-Cookie: __Host-sid=k7Qx2mV9; Path=/; Secure; HttpOnly; SameSite=Lax
```

`Secure` ఉంటే కుకీ హెచ్‌టీటీపీఎస్ మీదే వెళ్తుంది. 2010లో ఫైర్‌షీప్ అనే ఎక్స్‌టెన్షన్ ఓపెన్ వైఫైలో పక్కవాళ్ల కుకీలని ఒక్క క్లిక్‌తో లాక్కోగలిగింది, ఎందుకంటే అప్పట్లో చాలా సైట్లు లాగిన్ పేజీకి మాత్రమే ఎన్‌క్రిప్షన్ పెట్టేవి. `HttpOnly` జావాస్క్రిప్ట్‌కి కుకీని కనిపించనివ్వదు. `SameSite=Lax` వేరే సైట్ నుంచి వచ్చే పోస్ట్ రిక్వెస్ట్‌కి కుకీని జతచేయదు. `__Host-` సబ్‌డొమైన్ల నుంచి ఎవరూ ఈ కుకీని మార్చకుండా కాపాడుతుంది.

ఈ కుకీ లైన్ నాకు అనుభవం మీద వచ్చింది మేడమ్. నేను ఇంతకుముందు పనిచేసిన చోట టీఎల్ఎస్ అంతా సరిగ్గానే ఉంది. కానీ కామెంట్ బాక్స్‌లో ఎవరో స్క్రిప్ట్ పెట్టారు, సెషన్ కుకీకి `HttpOnly` లేదు. రాత్రి పదకొండింటికి అందరి సెషన్లూ రద్దు చేసి, మళ్లీ లాగిన్ అవ్వమని మెయిల్ పంపాం. అప్పటి నుంచి ఏ ప్రాజెక్ట్‌లో చేరినా మొదటి రోజే డెవలపర్ టూల్స్‌లో కుకీల పట్టిక తెరిచి, `Secure`, `HttpOnly`, `SameSite` అనే ఆ మూడు కాలమ్‌లు చూస్తాను.