6. సిఫార్సు: మిర్చి ఆరబెట్టడం, నిల్వ

పల్నాడు జిల్లా మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ డైరెక్టర్ల బోర్డు పరిశీలనకు

సొంత శీతల గిడ్డంగి ఇప్పుడు కట్టవద్దు. ఆరు సిమెంటు కళ్లాలు వేసి, నిల్వకు గుంటూరులోని గిడ్డంగిలో చోటు ముందే ఒప్పందం చేసుకోవాలి. ఇదే మా సిఫార్సు.

నిరుడు సభ్యులు అమ్మిన 24,000 టిక్కీల్లో సుమారు 3,360 టిక్కీలకు తేమ, తాలు కారణంగా ధర తగ్గింది. క్వింటాలుకు సగటున 1,500 రూపాయల చొప్పున మొత్తం నష్టం 20 లక్షలు. ఇందులో ఎక్కువ భాగం మట్టి నేల మీద కాయ ఆరబెట్టే రెండు గ్రామాలదే. తడి కాయను ఎంత చల్లగా దాచినా పోయిన రంగు తిరిగి రాదు. అందుకే డబ్బు ముందుగా కళ్లాలకు వెళ్లాలి.

ఎంపిక 1: 1,000 టన్నుల సొంత గిడ్డంగి. ఖర్చు 1.90 కోట్లు. వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 1.20 కోట్ల అప్పు తీసుకుంటే, 3 శాతం వడ్డీ రాయితీ పోగా ఏటా వాయిదా సుమారు 21.5 లక్షలు. కరెంటు, సిబ్బందికి మరో 14 లక్షలు. టిక్కీకి 200 రూపాయల అద్దెతో ఇది గట్టెక్కాలంటే ఏటా 18,000 టిక్కీలు నిండాలి. సభ్యులు నిల్వ పెడుతున్నవి 9,000 మాత్రమే. పైగా సొంతంగా పెట్టాల్సిన 70 లక్షలకు కంపెనీ వద్ద ఉన్నది 31 లక్షలు. ధర బాగున్న ఏడాది రైతులు కళ్లంలోనే అమ్మేస్తే గిడ్డంగి ఖాళీగా ఉంటుంది, వాయిదా మాత్రం ఆగదు.

ఎంపిక 2: కళ్లాలు, అద్దె నిల్వ. ఆరు కళ్లాలకు 24 లక్షలు, టార్పాలిన్లు, తేమ మీటర్లకు 3 లక్షలు, గిడ్డంగి డిపాజిట్టు 3 లక్షలు. మొత్తం 30 లక్షలు. ఇందులో అప్పు 20 లక్షలు, ఏటా వాయిదా 4.75 లక్షలు. కళ్లాల మీద సీజనుకు 5,000 టిక్కీలు ఆరతాయి. రుసుము టిక్కీకి 100 రూపాయలైతే వాయిదా తీరుతుంది, మిగులు 25 వేలే. నష్టంలో సగం తప్పినా రైతులకు ఏటా 10 లక్షలు ఆదా అవుతాయి, కళ్లం రుసుము 5 లక్షలు పోగా 5 లక్షలు మిగులుతాయి.

ఎంపిక 3: ఇప్పటిలాగే కొనసాగడం. పెట్టుబడి లేదు, నష్టం ఉంటుంది.

రెండో ఎంపికలో మూడు రిస్కులున్నాయి. మార్చి, ఏప్రిల్‌లో గిడ్డంగులు నిండిపోతాయి కాబట్టి చోటు ఖాయం చేసే రాతపూర్వక ఒప్పందం డిసెంబరులోపే కావాలి. అగ్ని ప్రమాద బీమా ఎవరిదో ఆ ఒప్పందంలోనే రాయాలి. మిగులు తక్కువ కనుక, పని మొదలుపెట్టే ముందే ఆ రెండు గ్రామాల రైతుల నుంచి 4,800 టిక్కీలకు సంతకాలు తీసుకోవాలి. అంతకు తగ్గితే రుసుము వాయిదాకు చాలదు, అప్పుడు నాలుగు కళ్లాలతోనే మొదలుపెట్టాలి.

నిల్వ టిక్కీలు వరుసగా రెండేళ్లు 18,000 దాటితే మొదటి ఎంపికను మళ్లీ బోర్డు ముందుకు తేవచ్చు. ప్రస్తుతం 20 లక్షల అప్పు దరఖాస్తుకు, గిడ్డంగితో ఒప్పంద చర్చలకు ఈ సమావేశంలోనే తీర్మానం చేయాలని కోరుతున్నాం.