87వ ప్రశ్నకు ఇచ్చిన నాలుగు ఆప్షన్లలో సరైన జవాబు లేదు – ప్రాథమిక కీపై అభ్యంతరం

తేదీ: 17 అక్టోబరు 2025, శుక్రవారం

పరీక్షల నియంత్రణాధికారి గారికి,

అయ్యా / అమ్మా,

నమస్కారం. ఈ నెల 12వ తేదీ ఆదివారం మధ్యాహ్నం షిఫ్టులో, కాకినాడ సెంటర్లో, గ్రామ స్థాయి సర్వే సహాయకుల పోస్టుల పరీక్ష రాశాను. నిన్న మీరు పెట్టిన ప్రాథమిక కీలో 87వ ప్రశ్నకు 2వ ఆప్షన్ సరైనదని ఉంది. అది సరైనది కాదు. మిగిలిన మూడూ కూడా కాదు. ఆ ప్రశ్నకు జవాబు నాలుగింటిలో ఎక్కడా లేదు.

అభ్యంతరాలు వెబ్‌సైటులోనే పెట్టాలని, ఈమెయిల్స్ చూడబోమని మీ నోటీసులో రాశారు. చదివాను. అయినా ఈమెయిల్ పంపడానికి కారణం ఉంది. వెబ్‌సైటులో అభ్యంతరం పెట్టాలంటే "మీ ప్రకారం సరైన ఆప్షన్" అనే గడి నింపాలి. ఆ గడిలో 1, 2, 3, 4 తప్ప ఇంకేమీ లేవు. ఖాళీగా వదిలేస్తే ఫీజు కట్టే పేజీకి వెళ్లనివ్వడం లేదు. మండపేటలో నెట్ సెంటర్ అతను "ఏదో ఒకటి కొట్టేద్దాం అక్కా, కారణం దగ్గర అసలు విషయం రాద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. 1 అని పెడితే, 1 కూడా తప్పే కాబట్టి నా అభ్యంతరం చెల్లదని మీరు కొట్టేస్తారు, అది న్యాయమే కూడా. జవాబు లేదని చెప్పడానికి వచ్చి తప్పు జవాబు ఒకటి ఎత్తి చూపించలేను కదా. ఆ పేజీ స్క్రీన్‌షాట్ జత చేశాను. ఫీజు ఎలా కట్టమంటే అలా కడతాను.

నా రెస్పాన్స్ షీటులో ఆ ప్రశ్న తెలుగులో ఇలా ఉంది:

"ఒక రైతుకు 3 ఎకరాల 5 సెంట్ల వరి పొలం ఉంది. ఎకరానికి 28 బస్తాల చొప్పున దిగుబడి వచ్చింది. ఒక్కో బస్తా 75 కిలోలు అయితే మొత్తం దిగుబడి ఎన్ని క్వింటాళ్లు?
1) 70.0   2) 73.5   3) 77.0   4) 80.5"

ఇంగ్లీషు వెర్షన్‌లోనూ ఎకరాలు 3, సెంట్లు 5 అనే ఉంది. ఒక్క అంకె కూడా తేడా లేదు. కాబట్టి ఇది అనువాదంలో జరిగిన పొరపాటు కాదు, "తేడా ఉంటే ఇంగ్లీషు ప్రశ్నే ప్రామాణికం" అన్న నిబంధన ఇక్కడ పనికిరాదు.

ఎకరానికి 100 సెంట్లు. 5 సెంట్లంటే ఎకరంలో నూటికి ఐదు వంతులు, అంటే 0.05 ఎకరం. లెక్క ఇది:

3 + 5/100 = 3.05 ఎకరాలు
3.05 × 28 = 85.4 బస్తాలు
85.4 × 75 = 6405 కిలోలు = 64.05 క్వింటాళ్లు

ఇంత లెక్క కూడా అక్కర్లేదు. 28 బస్తాలు, బస్తా 75 కిలోలంటే ఎకరానికి 21 క్వింటాళ్లు. మూడు ఎకరాలకు 63. మిగిలిన ఐదు సెంట్లలో పండేది 105 కిలోలు, అంటే బస్తాన్నర కూడా నిండదు. మీ ఆప్షన్లలో అన్నిటికంటే చిన్నదైన 70 రావాలంటే ఆ ఐదు సెంట్లలోనే ఏడు క్వింటాళ్లు పండాలి. ఐదు సెంట్లంటే 242 గజాలు. మా వైపు ఇళ్ల స్థలాలే అంతంత ఉంటాయి. ఇంటి స్థలమంత చెక్కలో తొమ్మిది బస్తాలు పైగా పండించే రైతు ఎవరైనా ఉంటే ముందు మా నాన్నగారే వెళ్లి విత్తనం అడుగుతారు.

కీలోని 73.5 ఎలా వచ్చిందో వెనక్కి లెక్క వేస్తే తెలిసిపోతుంది. 73.5ని 21తో భాగిస్తే 3.5. అంటే ప్రశ్న తయారు చేసినవారు "3 ఎకరాల 5 సెంట్లు" అన్నదాన్ని 3.5 ఎకరాలుగా తీసుకున్నారు. 3.5 ఎకరాలంటే మూడెకరాల యాభై సెంట్లు, మూడున్నర ఎకరాలు. ప్రశ్నలో 50 అని రాయబోయి సున్నా వదిలేశారో, లెక్కలోనే దశాంశం తప్పుగా పెట్టారో నాకు తెలియదు. రెండింటిలో ఏదైనా, అభ్యర్థికి తెర మీద కనిపించింది 5 సెంట్లే. జవాబు ఇవ్వాల్సింది కనిపించిన ప్రశ్నకే.

ఈ తేడా చిన్నది కాదు. 45 సెంట్లు తేడా. ఈ ప్రశ్నలోని దిగుబడి ప్రకారమే చూసినా పన్నెండు బస్తాల పైచిలుకు ధాన్యం, 9 క్వింటాళ్ల 45 కిలోలు. మా నాన్నగారు తూర్పు డెల్టా కాలువ కింద కౌలుకు చేస్తారు. సార్వా అయినా దాళ్వా అయినా కౌలు కొలిచేది ఎకరానికి ఇన్ని బస్తాలని, ఆ పైన సెంట్లకు కూడా లెక్క కట్టి. మూడెకరాల ఐదు సెంట్ల పొలాన్ని ఎవరైనా మూడున్నర అన్నారంటే మా ఊళ్లో కళ్లంలోనే పెద్దమనుషులు కూర్చోవాల్సి వస్తుంది. అందుకే దస్తావేజుల్లో ఐదు సెంట్లను ఎప్పుడూ "05" అనే రాస్తారు. మా పెదనాన్నగారి పాత దస్తావేజులో "య. 2-08 సెంట్లు" అని ఉన్న వరుస ఫొటో తీసి, పేర్లు, సర్వే నంబరు కనబడకుండా కొట్టేసి జత చేశాను. సర్వే పోస్టుకు పెట్టిన పరీక్ష కాబట్టి ఈ మాట కొంచెం గట్టిగా రాస్తున్నాను, తప్పుగా అనుకోవద్దు.

నేనే ఎక్కడైనా పొరబడ్డానేమోనని వేరే దారుల్లోనూ చూశాను. సెంట్లకు బదులు గుంటలు అనుకుంటే, ఎకరానికి 40 గుంటలు కాబట్టి 3.125 ఎకరాలు, 65.625 క్వింటాళ్లు. అదీ ఆప్షన్లలో లేదు. బస్తా బరువు ప్రశ్నలోనే ఇచ్చారు కాబట్టి దాన్ని మార్చడానికి లేదు. "దగ్గరగా ఉన్న ఆప్షన్ పెట్టాలి" అని సూచనల్లో ఎక్కడా లేదు. ఒకవేళ అలా చూసినా 64.05కి దగ్గరగా ఉన్నది 1వ ఆప్షన్ 70, కీలో ఇచ్చిన 73.5 కాదు. ఏ దారిలో వెళ్లినా 2వ ఆప్షన్ నిలబడదు.

ఇప్పుడు అసలు సంగతి. నేను 87వ ప్రశ్న వదిలేశాను. నా రెస్పాన్స్ షీటులో "సమాధానం ఇవ్వలేదు" అనే ఉంటుంది. 150 నిమిషాల్లో 150 ప్రశ్నలు, తప్పుకు మూడో వంతు మార్కు కోత. ఆ ఒక్క ప్రశ్న దగ్గర నాలుగైదు నిమిషాలు పోయాయి. లెక్క మూడుసార్లు వేశాను. రఫ్ కాగితం మీద ప్రతిసారీ 64.05 వస్తుంటే టెన్షన్ పట్టుకుంది, ఎకరానికి ఎన్ని సెంట్లో నేనే మర్చిపోయానా అనిపించింది. జవాబు లేదని నమ్మకం కుదిరాక, కోత ఎందుకని వదిలేశాను. చివర్లో ఆరు ప్రశ్నలు చదవకుండానే టైమ్ అయిపోయింది. ఆ పోయిన టైముకు నేనేమీ అడగడం లేదు.

అడిగేది ఇది. తప్పు ప్రశ్న అని తేలినప్పుడు కొన్ని పరీక్షల్లో "ఆ ప్రశ్నకు జవాబు పెట్టినవారికి మాత్రమే మార్కు" అని ఇస్తుంటారు. ఈ ప్రశ్నకు దయచేసి అలా చేయవద్దు. లెక్క సరిగ్గా వేసినవాళ్లు పెట్టడానికి ఆప్షనే లేదు, వాళ్లు చేయగలిగింది వదిలేయడమే. అలాంటప్పుడు పెట్టినవారికే మార్కు అంటే, సెంట్లు తెలియనివాళ్లకు మార్కు వచ్చి తెలిసినవాళ్లకు రాదు. ఇప్పుడున్న కీ ఉంచేస్తే జరిగేదీ అదే. ప్రశ్నను మొత్తంగా తీసేసి 149కి లెక్క కట్టినా సరే, ఆ షిఫ్టులో రాసిన అందరికీ, వదిలేసినవారితో కలిపి, మార్కు ఇచ్చినా సరే. ఏది చేసినా 1, 3, 4 పెట్టినవాళ్లకు పడిన కోత కూడా తీసేయండి. వాళ్ల తప్పు కూడా లేదు. నార్మలైజేషన్ మొదలుపెట్టేలోపే ఇది తేల్చండి, ఎందుకంటే ఉదయం షిఫ్టు పేపర్లో ఈ ప్రశ్న లేదు.

కీ మీద నాకు వేరే అభ్యంతరం లేదు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్ట ఏ సంవత్సరంలో పూర్తయిందన్న 112వ ప్రశ్నకు నేను 1847 పెట్టాను. కీలో 1852 అని ఉంది. దానికి కూడా అభ్యంతరం పెట్టమని నాతో రాసిన ఇద్దరు ముగ్గురు అన్నారు. కానీ 1847లో పని మొదలైంది, పూర్తయింది 1852లోనే. కీ కరెక్టు. మా ఊరి సెంటర్లో ఆయన విగ్రహం ముందు నుంచే రోజూ కాలేజీకి వెళ్లి కూడా తప్పు పెట్టానంటే అది నా స్వయంకృతం.

రేపు శనివారం సాయంత్రం 5 గంటలకు అభ్యంతరాల గడువు ముగుస్తుంది. ఈలోపు వెబ్‌సైటులో ఆ గడికి "ఏదీ కాదు" అన్న ఆప్షన్ కలిపితే ఇదే అభ్యంతరం అక్కడ కూడా పెడతాను. కలపడం కుదరకపోతే ఈ ఈమెయిల్‌నే అభ్యంతరంగా తీసుకుని, అందినట్టు ఒక్క వరుస జవాబు ఇప్పించగలరు. నా ఫోన్ నంబరు, చిరునామా దరఖాస్తులో ఇచ్చినవే.

ఇట్లు,
కె. సత్యవేణి
హాల్ టికెట్ నంబరు: 2510487316
మధ్యాహ్నం షిఫ్టు, కాకినాడ సెంటర్

జత చేసినవి: రెస్పాన్స్ షీటులో 87వ ప్రశ్న ఉన్న పేజీ (తెలుగు, ఇంగ్లీషు), ప్రాథమిక కీలో ఆ పేజీ, అభ్యంతరాల పేజీ స్క్రీన్‌షాట్, దస్తావేజు వరుస ఫొటో