పేరు చెప్పని మీకు

జులైలో ఒక సాయంత్రం, లాంగ్ బెల్ కొట్టే వేళకి గేటు ముందు ఆటో ఆగింది. డ్రైవరు రెండు అట్టపెట్టెలు దింపి, "బస్టాండులో ఎవరో కిరాయి ఇచ్చి పంపిండ్రు మేడం" అని చెప్పి, ఎవరని అడిగేలోపే వెళ్లిపోయాడు. విప్పి చూస్తే 48 ఇంగ్లీషు–తెలుగు డిక్షనరీలు. మన పదో తరగతి పిల్లలు 46 మంది.

మీరెవరో మాకు తెలియదు. కానీ మీ చేతిపని చూశాం. ప్రతి పుస్తకానికీ బ్రౌన్ పేపరు అట్ట, మూలలు లోపలికి రెండు మడతలు, పేరు రాసుకోవడానికి ఖాళీ లేబులు. లెక్కల సారు ఒక మూల వేలితో తడిమి, "ఇట్ల మా నాయన వేసేటోడు" అన్నారు. 48 అట్టలంటే ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు.

పెట్టెలో మీరు పెట్టిన చీటీ నా టేబుల్ అద్దం కింద ఉంది. "పేరు అడగొద్దు. బీరువాలో పెట్టి తాళం వేయొద్దు." రెండో వాక్యం చదివి నాకు సిగ్గేసింది. మీరు ఆ ముక్క రాయకపోతే నేను చేసేది సరిగ్గా అదే. తనిఖీకి వచ్చినవాళ్లకు కొత్తగా కనిపించాలని దాచేదాన్ని. బడి బీరువాల సంగతి మీకు బాగా తెలిసినట్టుంది!

అందుకే మరునాడే పంచేశాం. పిల్లలు ఇళ్లకు తీసుకెళ్తున్నారు. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటాయి గదా, ఇక డిక్షనరీ ఎందుకని మొదట నేనూ అనుకున్నాను. కానీ ఇంగ్లీషు వైపు అర్థం కాక తెలుగు వైపు చూస్తే అక్కడ 'కిరణజన్య సంయోగక్రియ' అని ఉంటుంది. దానికి మీ డిక్షనరీ కూడా ఏమీ చేయలేదనుకోండి. మిగతా మాటలకు మాత్రం పిల్లలు ఇప్పుడు నన్ను అడగడం మానేశారు. పైగా నేను చెప్పిన అర్థం సరిచూస్తున్నారు. పోయిన వారం ఒక అమ్మాయి లేచి, "మేడం, దీనికి ఇంకో అర్థం కూడా ఉంది" అంది. ఉంది.

మిగిలిన రెండిటిలో ఒకటి స్టాఫ్ రూములో ఉంది. రెండోది మన మధ్యాహ్న భోజనం వండే అమ్మ ఇంటర్ చదివే తన బిడ్డకు అడిగి తీసుకుంది. మీరు కాదనరని ఇచ్చేశాను.

ఎవరు పంపారో ఆరా తీయడం లేదు, నిశ్చింతగా ఉండండి. ఎప్పుడైనా ఇటు వస్తే, పేరు చెప్పకుండానే పదో తరగతి గదిలోకి తొంగి చూసి వెళ్లండి.

ఒక పుస్తకం మాత్రం సాంబారులో పడింది. ఆరబెట్టి, ఆ అబ్బాయీ నేనూ కూర్చుని కొత్త అట్ట వేశాం. మూలలు మీ మడతలా రాలేదు.

– ప్రధానోపాధ్యాయురాలు