ఆఫీసు ల్యాప్‌టాప్: మూడింటిలో ఏది తీసుకోవాలి

బావగారూ, ఫోన్‌లో మాట్లాడుకుంటే మీరు గేమింగ్‌ది అంటారు, నేను ఇంకోటి అంటాను, అక్క ధర అడుగుతుంది. అక్కడే ఆగిపోతున్నాం. అందుకే మొత్తం లెక్క కాగితం మీద పెట్టాను. అంకెలు నచ్చకపోతే మార్చండి, కానీ ఏది మార్చారో, ఎందుకు మార్చారో పక్కన రాయండి.

కొనక తప్పదన్నది మనం ముగ్గురం ఒప్పుకున్నదే. ఇప్పుడున్న దాంట్లో ఏడో తరం ప్రాసెసర్ ఉంది, విండోస్ 11 దానికి అధికారికంగా ఎక్కదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. క్లయింట్ల దస్తావేజులు, ఆధార్ కాపీలు, మున్సిపాలిటీ పోర్టల్ లాగిన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. సెక్యూరిటీ అప్‌డేట్లు లేని మెషీన్ మీద వాటిని ఉంచడం నాకు ఇష్టం లేదు.

మార్కులకి ముందు గేటు

కొన్ని షరతులకి మార్కులు ఉండవు. ఉంటే ఉంది, లేకపోతే లేదు. అన్నీ కలిపి 75,000 దాటకూడదు, ర్యామ్ 16 జీబీ ఉండాలి, ఒరిజినల్ విండోస్ 11తో రావాలి. ఈ గేటు దాటినవి మూడు:

చిన్నది: 14 అంగుళాలు, 1.4 కిలోలు, కోర్ ఐ5-1335యు, ధర 62,000.

మధ్యది: 16 అంగుళాలు, 1.75 కిలోలు, కోర్ ఐ5-13420హెచ్, ధర 68,000.

గేమింగ్‌ది: 15.6 అంగుళాలు, 2.3 కిలోలు, కోర్ ఐ5-12450హెచ్, విడిగా ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు, ధర 74,000.

మూడింటిలోనూ ఎస్‌ఎస్‌డీ 512 జీబీయే. అందరికీ సమానంగా ఉన్నది తేడా చెప్పదు కాబట్టి దాన్ని పట్టికలో పెట్టలేదు.

వెయిటేజీ ఎలా పంచాను

వంద పాయింట్లు పంచాను. ల్యాప్‌టాప్‌ల వివరాలు తెరవకముందే, మన పని చూసి పంచాను. నచ్చిన మోడల్‌ని ముందు మనసులో పెట్టుకుని వెయిటేజీ వేస్తే అదే గెలుస్తుంది, ఇక పట్టిక ఎందుకు?

మన పనిలో ఎక్కువ భాగం 2డీ ప్లాన్లు. జీ ప్లస్ వన్ ఇళ్ళు, నరసన్నపేట వైపు షాపులు, పలాసలో జీడి ఫ్యాక్టరీల షెడ్లు. ఆ తర్వాత ఎస్టిమేట్లు. ఆ తర్వాత సైటు. అందుకని ఆటోక్యాడ్ వేగానికి 20. ర్యామ్, స్క్రీన్, సర్వీస్‌లకి తలా 15. బరువు-బ్యాటరీకి 12, ధరకి 12. నంబర్ కీలకి 6. గ్రాఫిక్స్ కార్డుకి 5.

నంబర్ కీలకి విడిగా 6 ఎందుకని అడుగుతారని తెలుసు. ఎస్టిమేట్ కట్టేది నేను. ఒక్క ఇంటికి పొడవు, వెడల్పు, లోతు, ఎన్ని, అని వరస పెట్టి వందల అంకెలు కొట్టాలి. కుడి పక్కన నంబర్ కీలుంటే కళ్ళు మెజర్‌మెంట్ బుక్ మీదే ఉంచి, చూడకుండా కొట్టుకుపోవచ్చు. పై వరసలో ఉన్న అంకెలతో అయితే ప్రతి అంకెకీ తల ఎత్తాలి. 3.05 బదులు 3.50 పడితే గోడ ఇటుక లెక్కే మారిపోతుంది.

పట్టిక

మార్కులు పదికి. ధర మార్కులు అక్క చెప్పిన లెక్కలోనే వేశాను: అన్నిటికంటే తక్కువ ధరకి 10, అక్కడి నుంచి ప్రతి రెండు వేలకీ ఒక మార్కు కోత.

| అంశం | వెయిటేజీ | చిన్నది | మధ్యది | గేమింగ్‌ది |
|---|---|---|---|---|
| ఆటోక్యాడ్ వేగం | 20 | 6 | 8 | 8 |
| ర్యామ్, పెంచుకునే వీలు | 15 | 4 | 7 | 10 |
| స్క్రీన్ | 15 | 6 | 8 | 6 |
| సర్వీస్, వారంటీ | 15 | 7 | 9 | 5 |
| బరువు, బ్యాటరీ | 12 | 10 | 7 | 3 |
| ధర | 12 | 10 | 7 | 4 |
| నంబర్ కీలు | 6 | 0 | 10 | 8 |
| గ్రాఫిక్స్ కార్డు | 5 | 3 | 4 | 10 |
| మొత్తం (వెయిటేజీ × మార్కు) | 100 | 630 | 768 | 657 |
| పదికి | | 6.30 | 7.68 | 6.57 |

ఎక్సెల్‌లో ఇదే పట్టిక వేసి, మొదటి ల్యాప్‌టాప్ మార్కుల కింద ఈ ఫార్ములా పెట్టి పక్క గడులకి లాగితే చాలు:

```
=SUMPRODUCT($B$2:$B$9,C2:C9)/SUM($B$2:$B$9)
```

డాలర్ గుర్తులు తీసేయకండి. తీస్తే పక్క గడికి లాగినప్పుడు వెయిటేజీ కాలమ్ కూడా జరిగిపోయి, తప్పు అంకె వస్తుంది.

మార్కుల వెనక కారణాలు

వేగం గురించి ముందు చెప్తాను, ఎందుకంటే షాపులో కూడా ఇక్కడే ఎక్కువ మాటలు చెప్పారు. ఆటోక్యాడ్‌లో గీతలు గీయడం, మార్చడం లాంటి పనులు ఎక్కువగా ఒక కోర్ మీదే నడుస్తాయి. కోర్లు ఎన్ని ఉన్నాయన్నది ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు, ఒక్క కోర్ ఎంత వేగంగా పరిగెడుతుందన్నది ముఖ్యం. ఆ లెక్కన చిన్నదీ మధ్యదీ గరిష్ఠంగా 4.6 గిగాహెర్ట్జ్, గేమింగ్‌ది 4.4. అంటే డబ్బు ఎక్కువ పెట్టినంత మాత్రాన ప్లాన్ ముందే తెరుచుకోదు. చిన్నదానికి 6 మాత్రమే వేయడానికి కారణం వేరే. దాని ప్రాసెసర్ బేస్ పవర్ 15 వాట్లు, మిగతా రెండింటివీ 45. మే నెలలో మన ఆఫీసు గదిలో గంటల తరబడి పని చేస్తే సన్నటి బాడీలో వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. గేమింగ్‌ది కాస్త తక్కువ గిగాహెర్ట్జ్ అయినా దాని ఫ్యాన్లు పెద్దవి, వేడి తట్టుకుంటుంది. అందుకే దానికీ మధ్యదానికీ సమానంగా 8.

ర్యామ్‌లో గేమింగ్‌దే బెస్ట్, అందులో వాదన లేదు. రెండు స్లాట్లు ఉన్నాయి, 32 దాకా వెళ్ళొచ్చు. మధ్యదానిలో 8 జీబీ బోర్డు మీదే అతికించి ఉంది, ఇంకో 8 స్లాట్‌లో ఉంది. రేపు ఆ స్లాట్‌లో 16 పెడితే 24 అవుతుంది. చిన్నదానిలో మొత్తం 16 అతికించేశారు. నాలుగేళ్ళ తర్వాత చాలకపోతే ల్యాప్‌టాపే మార్చుకోవాలి.

స్క్రీన్‌లో మధ్యదానికి 8 రావడం పరిమాణం ఒక్కటి చూసి కాదు. అది 1920 × 1200, గేమింగ్‌ది 1920 × 1080. ఆ అదనపు 120 వరసలు మనకి అక్కరకొస్తాయి: పైన రిబ్బన్, కింద కమాండ్ లైన్ పోగా డ్రాయింగ్‌కి మిగిలే ఎత్తు పెరుగుతుంది. మెరవని స్క్రీన్ కాబట్టి సైటులో వెలుతురులోనూ చదవొచ్చు. గేమింగ్‌దానికి 144 హెర్ట్జ్ ఉంది కానీ గీత గీయడానికి దానితో పనేముంది? పైగా దాని వెలుతురు 250 నిట్స్, మిగతా రెండింటికీ 300. చిన్నదానిది 1920 × 1200 అయినా 14 అంగుళాల్లో డైమెన్షన్ అక్షరాలు చదవాలంటే మీరు కళ్ళద్దాలు పైకీ కిందికీ జరుపుకోవాల్సి వస్తుంది.

సర్వీస్ విషయంలో మధ్యదానికి మూడేళ్ళ ఆన్‌సైట్ వారంటీ ఉంది, మనిషి ఆఫీసుకే వస్తాడు. చిన్నదానికి ఆన్‌సైటే కానీ ఏడాది. గేమింగ్‌దాన్ని మనమే విశాఖ సెంటర్‌కి మోసుకెళ్ళాలి. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైమాటే. ఇవ్వడానికి ఒక రోజు, తేవడానికి ఇంకో రోజు, మధ్యలో ప్లాన్ సబ్మిట్ చేయాల్సిన తేదీ ఉంటే ఆ టెన్షన్ వేరు.

బరువు గురించి ఒక్క మాట. గేమింగ్‌ది 2.3 కిలోలు అని రాసినా, దాని ఛార్జర్ అర కిలో పైనే ఉంటుంది. బ్యాటరీ తక్కువ సేపు నిలుస్తుంది కాబట్టి ఛార్జర్ వదిలి వెళ్ళలేం. ఆమదాలవలస సైటుకి బండి మీద వెళ్ళేది నేనే.

మీ వాదన లెక్కలో పెడితే

మీరు గ్రాఫిక్స్ కార్డు అన్నారు, అది కొట్టిపారేసే మాట కాదు. అందుకే దాని వెయిటేజీ పెంచి చూశాను. పెంచినంత మేరా సర్వీస్ నుంచి సగం, బరువు-బ్యాటరీ నుంచి సగం తీశాను. గ్రాఫిక్స్‌కి 16 ఇస్తే మధ్యదానికి 724, గేమింగ్‌దానికి 723. దాదాపు సమానం. 17 ఇస్తే గేమింగ్‌ది 729తో ముందుకొస్తుంది, మధ్యది 720 దగ్గర ఉండిపోతుంది.

అంటే అసలు తేల్చుకోవాల్సింది ఇదొక్కటే: ఎలివేషన్ 3డీలు మనమే రెండర్ చేయబోతున్నామా? ఇప్పుడైతే బయట చేయిస్తున్నాం, మన దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ లేదు, నేర్చుకున్న మనిషీ లేడు. 2డీ పనికి ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ చాలు. వచ్చే ఏడాదే 3డీ మొదలుపెడతామని మీరు గట్టిగా అంటే 17 వేయండి, నేను అడ్డు చెప్పను, గేమింగ్‌దే తీసుకుందాం. ఎప్పుడో ఒకప్పుడు చేద్దామన్న ఆలోచనకి మాత్రం 5 కంటే ఎక్కువ ఇవ్వలేను.

ఇంకో రెండు పరీక్షలు కూడా చేశాను. సర్వీస్ వరస మొత్తం తీసేసి మిగతా 85 మీద లెక్క కడితే మధ్యదానికి 7.45, గేమింగ్‌దానికి 6.85, చిన్నదానికి 6.18. వరస మారలేదు. నేను మధ్యదాని మీద ఇష్టంతో మార్కులు వేశానని అనుకుంటే, దానివి ఎనిమిది మార్కులూ ఒక్కొక్కటి తగ్గించి, మిగతా రెండింటివీ అలాగే ఉంచి చూడండి. అప్పుడు కూడా 6.68 వస్తుంది, గేమింగ్‌దాని 6.57 కంటే పైనే.

నిర్ణయం

మధ్యది, 16 అంగుళాలది, 68,000కి. అక్క సరే అంది. మీరు 3డీ మాట తేల్చి ఈ శుక్రవారం లోపు చెప్తే శనివారం వెళ్ళి తీసుకుంటాను. బిల్లు ఆఫీసు జీఎస్టీ నంబర్ మీద రాయిస్తాను. ఆ ధరలో 18 శాతం జీఎస్టీ 10,373 దాకా ఉంది, అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా అక్క రిటర్న్‌లో చూపిస్తుంది. డబ్బు కట్టే ముందు షాపులోనే పెట్టె తెరిపించి మూడు చూస్తాను: సీరియల్ నంబర్ మీద వారంటీ మూడేళ్ళు చూపిస్తుందా, టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ 16 జీబీ కనిపిస్తుందా, స్క్రీన్ మీద చచ్చిన చుక్కలేమైనా ఉన్నాయా. పాత దాంట్లోని డ్రాయింగ్‌లు ఆదివారం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కిస్తాను, అప్పటిదాకా అందులో కొత్త ఫోల్డర్లు తెరవకండి.