జీరో టికెట్

2024 మార్చి నెలాఖరు. వరంగల్ గోడౌన్‌లో ఆటో టైర్లు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. మూడు నెలలకు శ్రావణి వేసిన అంచనా 2,400. అమ్ముడుపోయినవి 1,510.

"మోడల్ బాగానే ఉంది సార్. మూడేళ్ల డేటా మీద ఎర్రర్ 6 శాతమే," అంది టెన్షన్‌గా.

మేనేజర్ గ్రాఫ్‌లో డిసెంబర్ మీద వేలు పెట్టాడు. "ఇక్కడ గీత ఇంత నున్నగా ఎలా వచ్చిందమ్మా?"

"ఆ నెల బాగా పడిపోయింది సార్. ఏదో ఒక్కసారి దారి తప్పిన అవుట్‌లయర్ అనుకుని, పాత సగటు పెట్టి సరిచేశా."

సరిచేసిందట! అసలు సంగతి చెప్పబోయిన ఒక్క నెల నోరూ తనే మూసేసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ సంచీలోంచి కూరగాయలు తీస్తోంది. వాటితో పాటు ఓ చిన్న కాగితం జారిపడింది. ఆర్టీసీ జీరో టికెట్.

"మార్కెట్‌కి ఆటోలో వెళ్లలేదా అమ్మా?"

"ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక ఆటో ఎవరెక్కుతున్నారే? మన సందు చివర ఆటో అతను రోజూ ఖాళీగానే కూర్చుంటున్నాడు, పాపం."

శ్రావణి చెప్పులైనా విప్పకుండా లాప్‌టాప్ తెరిచింది. కొత్త కాలమ్ చేర్చింది: బస్సు ఫ్రీ అయిన 2023 డిసెంబర్ 9కి ముందు 0, ఆ రోజు నుంచి 1.