సబ్జెక్ట్: ఫీల్డ్ ఇంజినీర్ రిఫరల్ – జాబ్ ఐడీ FE-2217, నల్గొండ ఏరియా

శ్రీకాంతన్నా, నమస్తే.

నా పేరు రిఫర్ చేసినందుకు చాలా థ్యాంక్స్. పోర్టల్‌లో అప్లై చేసిన, రిఫరల్ కాలమ్‌లో మీ ఎంప్లాయీ ఐడీ కూడా వేసిన. జాబ్ ఐడీ FE-2217. అదే పేరుతో మహబూబ్‌నగర్ పోస్టు ఇంకోటి కనిపిస్తోంది, నేను పెట్టింది నల్గొండదే.

మీ మేనేజర్ గారికి కింది పేరా ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేయొచ్చు:

"మహేశ్, దేవరకొండ. అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ డిప్లొమా, డ్రిప్ డీలర్ దగ్గర నాలుగేళ్ల అనుభవం. బత్తాయి తోటల సర్వే, లేఅవుట్, ఫిట్టింగ్, సబ్సిడీ ఫైళ్లు స్వయంగా చూశారు. ఇక్కడి బోరు నీళ్లకు డ్రిప్పర్లలో ఉప్పు పేరుకుంటుంది. యాసిడ్ ట్రీట్‌మెంట్, ఫ్లషింగ్ రైతు ముందే చేసి చూపిస్తారు. ఆటోక్యాడ్ వచ్చు, సొంత బైక్ ఉంది. నెల నోటీసుతో చేరగలరు."

ఆటోక్యాడ్ సంగతి అడిగితే, ప్లాన్లు గీయడం వరకే అని చెప్పండన్నా. ఎక్కువ చేసి చెప్తే ఇంటర్వ్యూలో నాకే టెన్షన్.

రెజ్యూమే జత చేసిన, ఫోన్ నంబర్ అందులోనే ఉంది. సాయంత్రం ఆరు దాటితే తోటల నుంచి వచ్చేస్తా, సిగ్నల్ గొడవ ఉండదు, ఆ తర్వాత ఎప్పుడైనా ఫోన్ చేయండి.

ఇట్లు,
మహేశ్